కళ్లంలో ఎండబెట్టిన ఉర్లగడ్డలు

పుస్తకాల్లో బంగాళాదుంప అంటారు. మా అనంతపురం వైపు ఉర్లగడ్డ. పేరేదైనా పెళ్లిళ్లలో పూరీ పక్కన ఆ కూర వడ్డిస్తుంటే నేను ఇప్పటికీ వేలితో ముక్కను తిరగేసి, అంచున పచ్చటి గీత ఏమైనా ఉందేమోనని చూస్తాను. పక్కన కూర్చున్నవాళ్లు ఈమెకింత టెక్కేమిటని అనుకుంటారు. అనుకోనీ. మా మామ ఎండబెట్టిన గడ్డల్ని వాళ్లు చూడలేదు. వాటి వాసన వాళ్ల ముక్కుకు ఎక్కలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, వానలు బొత్తిగా మొహం చాటేసిన ఒక ఏడాది సంగతి ఇది. నా అత్తగారి ఊరు నల్లమాడ దగ్గర. ఎక్కడ చూసినా శెనక్కాయ చేలే. ఆ ఏడాది చెట్లు పీకితే వేళ్లకు కాయల బదులు మట్టి మాత్రమే వచ్చింది. కూలి జనానికి పని లేదు. మగవాళ్లు సగం మంది బెంగళూరు పోయి ఇటుకలు మోస్తున్నారు. నా మొగుడు ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్లో పనికి కుదిరి, తీరిక దొరికినప్పుడు ఇంటికొచ్చి పోతుండేవాడు. ఇంట్లో మామ, అత్త, నేను, నాలుగేళ్ల నా కూతురు.

మా మామ ఒకప్పుడు సర్పంచి. మళ్లీ కావాలని ఆయన కోరిక. ఆ కోరిక ఆయన నడకలో, తెల్ల పంచెలో, దారినపోయే ప్రతి వాడినీ ఆపి 'ఏమప్పా, తిన్నావా' అని అడగటంలో తెలిసిపోతుండేది. తినలేదని ఎవరైనా చెబితే ఏం చేసేవాడో నాకు తెలియదు, ఎవరూ చెప్పేవారు కాదు. కరువులో ఊరికి మధ్యాహ్నం అన్నం పెట్టిస్తానని ఆయన ఒకరోజు ప్రకటించాడు. మంచి పనే. నేను కూడా సంతోషించాను. మా ఇంటి ముందు కళ్లంలో వంట, మా వాకిట్లోనే పంక్తి. బియ్యం ఇంట్లో పాతవి ఉన్నాయి. కూరకు మాత్రం ఎవరో తెలిసిన వ్యాపారితో మాట్లాడి, కర్ణాటక వైపు నుంచి ఉర్లగడ్డలు దింపించాడు. కోల్డ్ స్టోరేజీలో అమ్ముడుపోక మిగిలిన పాత సరుకు అది. లారీ వచ్చి ఊరి ముందు నిలబడితే, దేవుడు దిగినట్టు జనం చుట్టూ మూగారు.

గోనెసంచులు విప్పినప్పుడు గడ్డలు బాగానే ఉన్నాయి. కొన్నిటికి కళ్ల దగ్గర అప్పుడే తెల్లటి చుక్కలు లేచాయి, అంతే. వాటిని అలాగే సంచుల్లో చీకటి కొట్లో, కాస్త గాలి ఆడేచోట పెట్టి, రెండు మూడు రోజుల్లో వండటం మొదలుపెడితే ఏ గొడవా ఉండేది కాదు.

కానీ మా వైపు ఏ పంట ఇంటికొచ్చినా మొదటి పని ఎండబెట్టడం. శెనక్కాయల్ని కళ్లంలో పలచగా పరిచి, రోజుకు ఒకటికి రెండుసార్లు కాలితో తిరగేసి, చెవి దగ్గర ఆడిస్తే లోపల పప్పు గలగలమనే దాకా ఎండనిస్తారు. తడి ఉంటే బూజు పడుతుంది, చేదెక్కుతుంది, ఎవడూ కొనడు. పుట్టినప్పటి నుంచి అదే చూసిన మనిషి మా మామ. సంచులన్నీ కళ్లంలో కుమ్మరించి, కూలివాళ్ల చేత ఉర్లగడ్డల్ని కూడా పలచగా పరిపించాడు. కాలితో తిరగేయించాడు. పైగా కళ్లం రోడ్డు పక్కనే. కదిరి పోయే బస్సులో వాళ్లంతా తలలు బయటపెట్టి చూస్తున్నారు. ఎండబెట్టడమూ అయింది, చూపించుకోవడమూ అయింది.

నా పుట్టిల్లు గోరంట్ల వైపు. మా అమ్మ బోరు కింద చిన్న పొలం చెక్కలో ఉర్లగడ్డ పెట్టేది. గడ్డ ఊరుతున్న కొద్దీ మొదళ్లకు మట్టి ఎగదోసేవాళ్లం. మట్టి జారి గడ్డ బయటపడితే అమ్మ పరిగెత్తి మరీ కప్పేది. ఎండ తగిలితే గడ్డ పచ్చబడుతుంది, పచ్చబడింది విత్తనానికే గానీ నోటికి పనికిరాదని అమ్మ చెప్పేది. విత్తనం గడ్డల్ని మాత్రం తనే కావాలని నీడ పట్టున వెలుతురులో పరిచి, పచ్చగా గట్టి మొలక వచ్చాక నాటేది. ఆ గడ్డ మీద మమ్మల్ని చెయ్యి కూడా వెయ్యనిచ్చేది కాదు.

అందుకే మొదటి రోజే నోరు విప్పాను.

"మామా, ఉర్లగడ్డకు ఎండ తగలగూడదు. పచ్చగా అయితాది, తింటే కడుపుకు పడదు. కొట్లోకి ఎత్తిద్దాం."

ఆయన నా వైపు తిరగను కూడా తిరగలేదు. మా అత్తతో అన్నాడు. "మీ కోడలు మనకు సేద్యం నేర్పుతాండాది. శెనక్కాయ ఎండబెట్టకుంటే ఏమైతాది, చెప్పు."

"బూజు పడతాది," అంది అత్త.

"అంతే గదా. ఇదీ అంతే."

శెనక్కాయ వేరు, గడ్డ వేరు మామా అన్నాను. గడ్డంటే లోపల ఇంకా ప్రాణం ఉన్న చెట్టు ముక్క, అది ఎండదు, వెలుతురు తగిలితే లేచి మొలకెత్తాలని చూస్తుంది అని చెప్పబోయాను. ఆయన అప్పటికే రోడ్డు మీద ఎవరినో 'తిన్నావా' అని అడుగుతున్నాడు.

సరే, రెండు రోజుల్లో వండేస్తాంలే అనుకున్నాను. కానీ ఆ వంట ఊరికే మొదలయ్యేది కాదట. టౌను నుంచి ఒక నాయకుడు వచ్చి మొదటి గరిటె వడ్డించాలట. ఆ నాయకుడు రేపు అన్నాడు. ఆ రేపు వచ్చాక ఎల్లుండి అన్నాడు. పెళ్లికి పోవాలన్నాడు, మీటింగన్నాడు. ఊళ్లో పిల్లలు ఆకలితో మా వాకిలి చుట్టూ తిరుగుతుంటే, కూరగడ్డలు కళ్లంలో పడి నాయకుడి కోసం ఎదురుచూశాయి. చలికాలపు ఎండ. మెత్తగా, రోజంతా పడే ఎండ. సాయంత్రం పైన టార్పాలిన్ కప్పేవాళ్లు, పొద్దున తీసేవాళ్లు. అలా వారం పైనే గడిచింది.

అప్పుడు చూడాలి వాటి అందం. పైనున్నవి ముందు లేత పచ్చగా, తర్వాత చెరువు పాచి రంగులోకి తిరిగాయి. కాలితో తిరగేసి తిరగేసి తొక్క లేచిపోయిన చోట నల్లగా మచ్చలు. వాలుగా ఉన్న మూలలో కుప్పబడి, గోనెపట్టా కింద చీకట్లో ఉండిపోయినవి ఇంకో రకం. వాటికి మొలకలు తెల్లగా, సన్నగా, వేలెడు పొడుగున సాగాయి. గడ్డంతా ముడతలు పడి మెత్తబడింది. పట్టా ఎత్తితే ఆ తెల్లటి మొలకలన్నీ ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, పుండులో పురుగుల్లా కనిపించాయి. నేను చెయ్యి పెట్టి ఒక గడ్డను తీయబోతే బొటనవేలు సర్రున లోపలికి దిగింది. తెల్లటి జిగట వేలి వెంట కారింది. ఆ కంపు గురించి నేను రాయలేను. చచ్చిన ఎలుక దాని ముందు ఏపాటిది. బావి దగ్గరికి పోయి బూడిదతో, సబ్బుతో, మళ్లీ బూడిదతో తోముకున్నా, ఆ రోజు ఆ చేత్తో అన్నం తినలేకపోయాను. నా కూతురికి ఎడమచేత్తో తల దువ్వాను.

మామకు ఆ కంపు రాలేదా? వచ్చింది. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని కుళ్లినవి ఏరి అవతల పారేయించాడు. పచ్చవాటిని చూసి మాత్రం ఆయనకు ముచ్చటేసింది.

"చూడమ్మే, ఎంత పచ్చగా ఉండాయో. పచ్చగుంటే తాజా గదా. వంకాయ పచ్చగుంటే తీసుకోవా? బీరకాయ పచ్చగుంటే తీసుకోవా?"

నాయకుడు రేపు తప్పకుండా వస్తున్నాడని కబురొచ్చిన రోజు, నేను అత్తను పక్కకు పిలిచాను. మా అత్త మొగుడికి ఎదురు చెప్పేది కాదు, కానీ నేను చెప్పింది వినేది. పని కూడా చకచకా చేసేది. ఇద్దరం మరో ఇద్దరు కూలి ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని గడ్డల్ని మూడు కుప్పలు చేశాం. గట్టిగా ఉండి, ఎక్కడో ఒకచోట కొంచెం పచ్చ తగిలినవి ఒక కుప్ప. వాటికి తొక్క మందంగా, పచ్చ కింద ఇంకాస్త తెల్ల కండ కూడా పోయేలా చెక్కేయాలి. గట్టిగానే ఉండి చిన్న మొలక లేచినవి ఇంకొకటి. మొలక తుంచితే చాలదు, కన్ను మొత్తం కత్తి మొనతో గుంట చేసి తీసేయాలి. పచ్చ తిరిగిన గడ్డలో చేదు విషం ఎక్కువగా ఉండేది తొక్కలో, కళ్లలో, మొలకల్లోనే. ఇక పచ్చ లోపలి దాకా దిగినవి, మెత్తబడి ముడతలు పడి పొడుగు మొలకలు సాగినవి మూడో కుప్ప. అవి పారేయడానికే. వాటిని ఎంత చెక్కినా నమ్మడానికి లేదు.

మూడో కుప్పే పెద్దదయింది. మేం ఏం చేస్తాం?

కూలి ఆడమనిషి ఒకామె తొక్కలు గంపకెత్తి ఎనుముల దగ్గరికి బయలుదేరింది. కరువులో మేత లేదు, పాపం ఆమె మంచికే. నేను అడ్డుపడ్డాను. "వద్దక్కా, ఈ తొక్కలు తింటే గొడ్డుకూ ప్రమాదమే." అత్త వెంటనే గంప లాక్కుంది. ఇంట్లో పాలిచ్చేది ఒక్క ఎనుమే మరి.

అంతలో మామ వచ్చాడు. మూడో కుప్పను చూశాడు. చెక్కిన గడ్డల్ని చూశాడు, అవి మేం చెక్కిన మందానికి సగమై ఉన్నాయి.

"ఇదేందమ్మా ఇది! తినే వస్తువును ఇట్ల చెక్కి పారేస్తాండారా? ఊరు ఆకలితో సస్తాంటే!"

"మామా, ఆ పచ్చవి తింటే కక్కుకుంటారు. పిల్లోళ్లకు ఇంకా తొందరగా పడతాది, ఒళ్లు చిన్నది గదా."

"ఉడకబెడితే ఏ విషమైనా సస్తాది."

"ఇది సావదు మామా. ఉడికినా సావదు, వేయించినా సావదు."

"నీకెవరు చెప్పినారు?"

"మా అమ్మ."

ఆయన నవ్విన నవ్వు నాకు గుర్తుంది. నా పుట్టింటి చెక్కంతా, మా అమ్మంతా ఆ నవ్వులో కొట్టుకుపోయారు. "చెక్కడం ఆపండి. మూడు కుప్పలూ కలిపేయండి. కడిగి తొక్కతోనే తరిగి డేగిసాలో వేయండి. మసాలా దండిగా తగిలిస్తే అన్నీ సరిపోతాయి."

అత్త కత్తి కింద పెట్టేసి లేచింది. నేను కూడా లేచాను. పసుపు కోసం వెనకింటి చీకటి గదిలోకి పోతే, గాదె వెనకాల మూతి కట్టిన ఒక గోనెసంచి కనిపించింది. విప్పి చూశాను. ఉర్లగడ్డలు. నున్నగా, గట్టిగా, ఒక్క పచ్చ చుక్క లేదు, ఒక్క మొలక లేదు. ఎండ మొహం చూడనివి. బయటికొచ్చి అత్తను అడిగితే ఆమె తల వంచుకుని చెప్పింది. "మొదటి దినమే మీ మామ ఏరించి పెట్టినాడు. మనింట్లోకని."

కుళ్లిన గడ్డలో వేలు దిగినప్పుడు కూడా నాకు అంత రోత పుట్టలేదు. ఎండబెట్టడం తెలియక చేశాడనుకున్నాను. పచ్చ అంటే తాజా అనుకోవడం కూడా తెలియకే అనుకున్నాను. మరి ఈ సంచి సంగతి? ఎండబెడితేనే గడ్డ నిలుస్తుందని నమ్మినవాడు, తన ఇంటి గడ్డల్ని మాత్రం చీకట్లో ఎందుకు దాచాడు?

మరుసటి రోజు పొద్దున్నుంచే డేగిసా పొయ్యి మీదికెక్కింది. వంట నా మీదే పడింది. కాదంటే ఇంకొకరు చేస్తారు, అప్పుడు నేను అక్కడ ఉండను కూడా ఉండను కదా అని గరిటె పట్టుకున్నాను. తొక్కలతో, మొలకల మొదళ్లతో తరిగిన ముక్కలు కుతకుత ఉడుకుతుంటే ఆ ఆవిరిలో ఏదో పచ్చి వాసన. ఉడికాక ఒక ముక్క నోట్లో వేసుకుని చూశాను. ముందు మసాలా తగిలింది, తర్వాత చేదు. మామూలు కాకరకాయ చేదు కాదు. నాలుక వెనకాల పట్టుకుని గొంతులో మంటగా దిగే చేదు. ఊసేసి నీళ్లు పుక్కిలించాను. ఇంక అనుమానం లేదు. ఉర్లగడ్డ చేదుగా ఉండి గొంతు మండితే అది మింగేది కాదు, అంతే.

పరిగెత్తి మామకు చెప్పాను. అప్పటికే ఊరి చివర జీపు దుమ్ము కనిపిస్తోంది.

"చేదుగా ఉండాది మామా. గొంతు మండుతాండాది. వాళ్లకు పెట్టొద్దు. ఒట్టి అన్నం, మజ్జిగ పెడదాం."

"ఇంకొంచెం చింతపండు పిసుకు," అన్నాడు పంచె సర్దుకుంటూ.

చింతపండు పిసికితే నోటికి తెలియకుండా పోతుంది, కడుపుకు తెలియకుండా పోతుందా? ఆ మాట ఆయన వీపుకు చెప్పాను.

నాయకుడు దిగాడు. దండ వేశారు. వాకిట్లో పంక్తి వేసి జనాన్ని కూర్చోబెట్టారు, ముందు వరసలో పిల్లలు. నాయకుడు ఒక విస్తరిలో ఒక గరిటె వడ్డించి, ఫొటో తీయించుకున్నాడు. మామ ఆయన్ని కూడా కూర్చోమన్నాడు. "ఈ దినం కార్తీక సోమారమన్నా, నాకు ఒక్కపొద్దు," అన్నాడు నాయకుడు డేగిసాలోకి తొంగిచూసి, ఒక అడుగు వెనక్కేసి. "నువ్వు కూర్చో. ఊరితోపాటు నువ్వు తినాల. నువ్వు తింటేనే అందరికీ సంతోషం."

అలా మా మామ విస్తరి ముందు కూర్చున్నాడు. ఆ సంగతి నేను ఊహించలేదు, ఆయనా ఊహించలేదు. నేనే వడ్డించాను. ఇంకెవరైనా అయితే మొహమాటానికి కూర తక్కువ వేసేవాళ్లు. నేను నిండుగా వేశాను.

నేను ఊహించనిది ఇంకోటి జరిగింది. నా కూతురు ఎక్కడి నుంచో పరిగెత్తుకొచ్చి తాత ఒడిలో కూర్చుంది. రోజూ ఆయన తినేటప్పుడు కూర్చున్నట్టే కూర్చుంది. జనం చూస్తున్నారు, నాయకుడు చూస్తున్నాడు. వరసలో ఒక ముసలాయన కూర ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, 'ఏందన్నా, కూర చేదుగుండాది' అన్నాడు. అందరి చేతులూ ఆగాయి.

మామ నవ్వాడు. "చేదేంది! మెంతులు కొంచెం ఎక్కువైండాయి, అంతే. చూడండప్పా, నా మనవరాలికే తినిపిస్తాండా," అని కూర కలిపిన ముద్ద ఒకటి ఎత్తి నా కూతురి నోట్లో పెట్టాడు.

నా చేతిలో గరిటె ఎక్కడ పడిందో నాకు తెలియదు. నేను విస్తళ్ల మీదుగా దాటి పోయాను. కోడలు పంక్తిలో విస్తళ్లు దాటడం, పదిమందిలో మామ మీద పడటం మా వైపు ఎక్కడైనా ఉంటుందా? నేను చేశాను. పిల్లను ఆయన ఒళ్లోంచి గుంజి, నా దోసిలి దాని గడ్డం కింద పెట్టి, "ఊసెయ్" అని అరిచాను. అది నేను చెప్పేలోగానే ఊసేస్తోంది. మొహమంతా ముడుచుకుని, నాలుక బయటపెట్టి, "చేదు, తాతా" అంది. ఏడవలేదు. చాలా స్పష్టంగా, ఎవరినో తప్పు పట్టినట్టు అంది.

ముందు వరసలో పిల్లలు దాన్ని చూశారు. పిల్లలకు మొహమాటం ఏముంది? ఒకళ్ల తర్వాత ఒకళ్లు తూ తూ అని ఊసేశారు. "కూర ఎవరూ తినగాకండి! పచ్చ తిరిగిన గడ్డలు, కడుపుకు పడవు. అన్నం, మజ్జిగ తెస్తాండా, ఉండండి," అని నేను అరుస్తూనే ఉన్నాను. తల్లులు లేచి పిల్లల విస్తళ్లలోంచి కూరను పక్కకు తోసేశారు. నాయకుడు వాచీ చూసుకుని జీపెక్కాడు.

మరి మామ ఏం చేశాడు? తిన్నాడు. నా వంక చూస్తూ, ఊరి వంక చూస్తూ విస్తరి మొత్తం తిన్నాడు. గొంతు కదిలినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. 'బాగుండాది' అన్నాడు. 'ఇంకొంచెం వెయ్యి' అని అత్తను పిలిచి మారు వడ్డించుకున్నాడు. ఆయన మీద నాకు కోపం రావాలి. వచ్చింది అసహ్యం. తన మాట నెగ్గడం కోసం తాను విషం తినే మనిషిని చూస్తే జాలేస్తుందేమో. అంతకు ముందే మనవరాలి నోట్లో అదే పెట్టిన చేతితో తింటున్నాడు కదా, నాకు జాలి వేయలేదు.

ఆయన్ని చూసి నలుగురైదుగురు మగవాళ్లు కూడా మొహమాటంతో తినేశారు.

పొద్దు వాలేసరికి మొదలైంది. మామ మంచం మీద ముడుచుకుని కడుపు పట్టుకున్నాడు. తర్వాత వాంతులు. తర్వాత చెంబు పట్టుకుని దొడ్లోకి, వచ్చి కూర్చునేలోగా మళ్లీ దొడ్లోకి. ఇల్లంతా ఆ పులిసిన కంపు. ఆ చేదు కూర, తొక్క ముక్కలతో సహా, మంచం పక్కన నేల మీద. అత్త బూడిద పోసి ఎత్తింది, నేను నీళ్లు పోశాను. తలనొప్పి అంటాడు, కళ్లు తిరుగుతున్నాయంటాడు. ఎవరైనా వచ్చి పలకరిస్తే మాత్రం 'ఎండదెబ్బ' అంటాడు. చలికాలంలో ఎండదెబ్బ! కూర తిన్న మగవాళ్ల ఇళ్లలోనూ అదే గొడవని అప్పటికే తెలిసింది.

నల్లమాడ ఆస్పత్రికి ఆటోలో తీసుకుపోయాం. డాక్టరమ్మ ఆయన కడుపు నొక్కి చూసి, ఏం తిన్నారని అడిగింది. ఎండదెబ్బ అని ఆయన, ఉర్లగడ్డ అని నేను ఒకేసారి అన్నాం. ఆమె నా వైపే తిరిగింది. ఆ పచ్చ రంగు ఆకుల్లో ఉండే పచ్చే, అది ఏమీ చెయ్యదమ్మా, కానీ వెలుతురు బాగా తగిలిందని అది చెప్తుంది, అదే వెలుతురుకు గడ్డ తనను తాను కాపాడుకోవడానికి చేదు విషం కూడా తయారు చేసుకుంటుంది, దాన్ని సోలనిన్ అంటారు అని చెప్పింది. రంగు ఎక్కకుండా కూడా మొలకల్లో, దెబ్బ తగిలిన చోట అది ఉంటుందట. కొంచెం తింటే వాంతులు, విరేచనాలతో పోతుంది, ఎక్కువైతే మనిషి మగతలోకి పోవడం కూడా ఉంది, చిన్న పిల్లలకు తక్కువకే ఎక్కువవుతుంది అంది. సెలైన్ పెట్టారు. కూర తిన్న మిగతావాళ్లను కూడా రమ్మని ఆటోను తిరిగి ఊళ్లోకి పంపాం. అందరూ బతికి బట్టకట్టారు.

తెల్లారాక ఇంటికి తెచ్చాం. ఆయన మంచం మీద లేచి కూర్చుని గంజి తాగాడు. కళ్లు గుంటలు పడ్డాయి, గొంతు మాత్రం అదే గొంతు. మొదటి మాట ఏమన్నాడో తెలుసా? "కళ్లంలో మిగిలినవి పారెయ్యగాకండి. పక్క పల్లెకు పంపిద్దాం. ఆడ మన పేరు చెప్పుకుంటారు."

మా అత్త గిన్నె కడుగుతోంది. ఆమె ఆయనకు ఎదురు చెప్పడం నేను అంతకుముందు వినలేదు. గిన్నె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని అడిగింది. "ఏమయ్యా, పచ్చవి మంచివే అయితే మనింట్లోకి తెల్లవి ఎందుకు ఏరించినావు?"

ఆయన అబద్ధం కూడా వెతుక్కోలేదు. "వాళ్ల కడుపులు వేరేలేమ్మే. ఏది పెట్టినా అరిగిపోతాది. వాళ్లకు అలవాటే."

అత్త వెనకింట్లోకి పోయి గాదె వెనక సంచిని ఈడ్చుకుంటూ వచ్చి, ఆయన మంచం పక్క నుంచే దాటించి వాకిట్లో డేగిసా దగ్గర కుమ్మరించింది. నాకు కత్తి ఇచ్చింది. కళ్లంలోవి మాత్రం ఆడవాళ్లమంతా కలిసి పందులు తవ్వలేనంత లోతు గుంట తీయించి పూడ్చేశాం. పూడుస్తుంటే మళ్లీ ఆ కంపే. కొంగులు ముక్కుకు కట్టుకుని, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పూడ్చాం. మధ్యాహ్నం పిల్లలంతా వచ్చి కూర్చున్నారు, కానీ కూర వడ్డిస్తే ఎవరూ ముట్టలేదు. నేను, అత్త ముందు వాళ్ల మధ్యే కూర్చుని తిన్నాక ఒక్కొక్కరే ముద్ద ఎత్తారు.

ఆ తర్వాత వచ్చిన సర్పంచి ఎన్నికల్లో మామ గెలిచాడు. ఊరందరికీ అన్నం పెట్టి, తాను కూడా వాళ్లతోపాటే కూర్చుని తిన్నాడని చెప్పుకున్నారు. ఇంట్లో మాత్రం ఆయనకు ఒక కొత్త అలవాటు వచ్చింది. నేను కంచం పెట్టి ఎన్ని వడ్డించినా అన్నంలో చెయ్యి పెట్టేవాడు కాదు. 'నువ్వు తిన్నావామ్మా?' అని అడిగేవాడు. లేదంటే, 'ముందు నువ్వు తిను' అని పీట మీద అలాగే కూర్చుని, నా గొంతులో ముద్ద దిగేదాకా చూసేవాడు. కోడలు తినకుండా తాను మెతుకు ముట్టని మామ ఈ సీమలో ఇంకెక్కడైనా ఉన్నాడా అని ఇరుగుపొరుగు ఆడవాళ్లు నన్ను చూసి అసూయపడేవాళ్లు.